వాషింగ్ మెషీన్ టిప్స్: అన్ని బట్టలకూ ఫుల్ స్పిన్ పెట్టేస్తున్నారా? ఏ బట్టకు ఎంత స్పీడ్ సరిపోతుందో తెలుసుకోండి..

వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేయడం, ప్రోగ్రామ్ ఎంచుకోవడం, స్టార్ట్ నొక్కడం.. చాలా ఇళ్లలో పని ఇంతటితో అయిపోతుంది. స్పిన్ స్పీడ్ ఎంత ఉందో చూసేవాళ్లు తక్కువ. చూసినా, ఎక్కువ పెడితే బట్టలు తొందరగా ఆరిపోతాయి కదా అని మెషీన్‌లో ఉన్న పెద్ద నంబర్‌కే తిప్పేస్తుంటారు. టవల్స్‌కూ 1200, పిల్లల యూనిఫామ్‌కూ 1200, రేయాన్ కుర్తీకీ 1200. తీరా బయటికి తీసి చూస్తే చొక్కాలు నలిగి ఉండలు చుట్టుకుపోయి ఉంటాయి. నాలుగైదు నెలలు గడిచేసరికి కుర్తీ మెడ సాగిపోతుంది, భుజం దగ్గర కుట్లు విచ్చుకుంటాయి. తప్పు బట్టల క్వాలిటీదో, డిటర్జెంట్‌దో అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం స్పిన్ స్పీడ్.

అలాగని స్పీడ్ బాగా తగ్గించేస్తే ఇంకో ఇబ్బంది. వానాకాలంలో టవల్స్ రెండు రోజులైనా ఆరవు, ముక్కిన వాసన వస్తుంది. మరి ఏ బట్టకు ఎంత స్పీడ్ పెట్టాలి? స్పీడ్ పెంచే కొద్దీ నిజంగా ఎంత నీరు పోతుంది? బట్టకు నష్టం ఎక్కడ మొదలవుతుంది? వివరంగా చూద్దాం.

స్పీడ్ పెంచితే ఎంత నీరు పోతుంది?

ప్యానెల్ మీద కనిపించే 400, 800, 1200 అంకెలు డ్రమ్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతాయి. డ్రమ్ తిరిగేటప్పుడు బట్టలు దాని గోడకు అతుక్కుపోతాయి, నీరు రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. స్పీడ్ రెట్టింపు అయితే బట్టను గోడకు నొక్కే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మామూలు ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో 400 దగ్గర బట్ట మీద దాని బరువుకు సుమారు 40 రెట్ల బలం పడుతుంది. 800కి వచ్చేసరికి అది 170 రెట్లు, 1200 దగ్గర 380 రెట్లు దాటుతుంది.

బలం ఇంతగా పెరుగుతుంటే నీరు కూడా అదే లెక్కన పోవాలి కదా? అలా జరగదు. కాటన్ బట్టలు 3 కిలోలు వేశారనుకుందాం. 400 స్పీడ్‌లో తిప్పాక వాటిలో దాదాపు 3 లీటర్ల నీరు మిగిలి ఉంటుంది. అంటే బట్ట బరువు ఎంతో నీరూ అంతే. 800లో తిప్పితే అది సుమారు 2.1 లీటర్లకు తగ్గుతుంది. 1000లో 1.8, 1200లో 1.6, 1400లో 1.5 లీటర్లు. మెషీన్‌ను బట్టి, లోడ్‌ను బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి కానీ తీరు మాత్రం ఇదే.

400 నుంచి 800కి పెంచితే దాదాపు ఒక లీటర్ నీరు అదనంగా పోయింది. 1200 నుంచి 1400కి పెంచితే పోయేది ఒక చిన్న టీ గ్లాసుడు మాత్రమే. కానీ బట్ట మీద పడే బలం మూడో వంతుకు పైగా పెరిగింది.

ఎందుకిలా?

తడి బట్టలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కొంత దారాల మధ్య ఖాళీల్లో ఉంటుంది. ఇది స్పిన్‌లో తేలిగ్గా బయటికి వచ్చేస్తుంది. మిగతాది పత్తి నార లోపలికే ఇంకిపోయి, దాన్ని ఉబ్బేలా చేస్తుంది. ఆ లోపలి నీటిని ఎంత వేగంగా తిప్పినా లాగలేం. అది గాలికి, ఎండకు, వేడికి ఆవిరై పోవాల్సిందే. అందుకే ఎంత మంచి మెషీన్ అయినా కాటన్ టవల్‌ను పూర్తిగా ఆరబెట్టి ఇవ్వలేదు.

పాలిస్టర్ సంగతి వేరు. దాని నార నీటిని దాదాపు పీల్చుకోదు. తడి అంతా దారాల మధ్యే ఉంటుంది. కాబట్టి 600 దగ్గరే చాలావరకు పోతుంది. జిమ్ టీషర్ట్, క్రికెట్ జెర్సీ, సింథటిక్ చీర లాంటివాటిని 1200లో తిప్పినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ముడతలు మాత్రం ఖాయం.

ముడతలు ఎలా పడతాయి?

కాటన్ తడిసినప్పుడు దాని నార మెత్తబడుతుంది. ఎటు వంచితే అటు వంగుతుంది. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు చొక్కా మీద నీళ్లు చల్లేది కూడా ఇందుకే. నార మెత్తబడితే ముడత తేలిగ్గా పోతుంది. స్పిన్‌లో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మెత్తబడ్డ బట్ట అడ్డదిడ్డంగా మడతపడి ఉండగా దాని మీద వందల రెట్ల బరువు పెట్టి నీటిని పిండేస్తున్నాం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తక్కువ స్పీడ్‌లో తిప్పిన చొక్కాను హ్యాంగర్‌కు వేస్తే, అందులో మిగిలిన నీటి బరువే బట్టను కిందికి లాగుతుంది. ఆరేలోపు చాలా ముడతలు వాటంతటవే విడిపోతాయి. 1200లో పిండిన చొక్కాకు ఆ బరువు ఉండదు. పడ్డ ముడత అలాగే ఆరిపోతుంది. త్వరగా ఆరితే మిగిలే సమయం కాస్తా ఇస్త్రీ దగ్గర పోతుందన్నమాట.

స్పిన్ పూర్తయ్యాక బట్టలను డ్రమ్‌లోనే వదిలేయడం దీనికి తోడు. గంట తర్వాత తీద్దాంలే అనుకుంటే స్పీడ్ తగ్గించిన లాభం కూడా పోతుంది. మెషీన్ బీప్ కొట్టిన పది, పదిహేను నిమిషాల్లో తీసి, ఒక్కోటి గట్టిగా రెండుసార్లు దులిపి ఆరేస్తే సగం ముడతలు అక్కడే పోతాయి. వెంటనే తీసే వీలు లేకపోతే చాలా మెషీన్లలో 'రిన్స్ హోల్డ్' అనే ఆప్షన్ ఉంటుంది. చివరి జాడింపు నీళ్లలోనే బట్టలను ఉంచి మెషీన్ ఆగుతుంది. మీరు వచ్చాక స్పిన్ నొక్కుకోవచ్చు. అయితే రంగు దిగే బట్టలకు ఇది వాడకూడదు.

ఏ బట్ట పాడవుతుంది? తడిస్తే బలహీనపడేదే

బట్ట అరిగేది ఎక్కువగా ఉతికేటప్పుడే. అప్పుడే అవి ఒకదానికొకటి రాసుకుంటాయి. స్పిన్‌లో జరిగే నష్టం వేరే రకం. సాగడం, కుట్ల మీద లాగుడు పడటం, డ్రమ్ రంధ్రాలకు నొక్కుకుపోవడం. ఈ లాగుడును ఏ బట్ట తట్టుకుంటుందో తెలియాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. తడిసినప్పుడు దాని బలం పెరుగుతుందా, తగ్గుతుందా?

కాటన్ తడిస్తే బలం కాస్త పెరుగుతుంది. టవల్స్, దుప్పట్లు, బనియన్లు ఏళ్ల తరబడి మెషీన్‌లో తిరిగినా తట్టుకునేది అందుకే. పాలిస్టర్ బలంలో పెద్ద తేడా ఉండదు. పట్టు కొంత తగ్గుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది రేయాన్. దీన్నే విస్కోస్ అని కూడా అంటారు. తడిసిన రేయాన్ పొడిగా ఉన్నప్పటి బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. పైగా నీటిని బాగా పీల్చుకుని బరువెక్కుతుంది, సాగుతుంది, ముడతలూ తొందరగా పడతాయి.

ఇప్పుడు ఇళ్లలో రోజూ వేసుకునే కుర్తీలు, నైటీలు, పలాజోల్లో రేయాన్ వాటా ఎక్కువే. పట్టుకుంటే కాటన్‌లా మెత్తగా, చల్లగా ఉంటుంది కాబట్టి కాటన్ బట్టలతో కలిపి 1000లోనో, 1200లోనో వేసేస్తుంటారు. కుర్తీ అంచు ఒకవైపు కిందికి జారినట్లు కనిపించినా, మెడ వెడల్పయినా, భుజం, చంక కుట్ల దగ్గర దారాలు పక్కకు జరిగి సన్నటి సందులు కనిపించినా స్పీడ్ ఎక్కువైందని అర్థం చేసుకోవాలి. లోపల లేబుల్ మీద రేయాన్ లేదా విస్కోస్ అని ఉంటే 400 నుంచి 600 మధ్యే తిప్పాలి. వీలైతే నెట్ బ్యాగ్‌లో వేయాలి.

బట్టను బట్టి స్పీడ్ ఇలా..

టవల్స్, కాటన్ దుప్పట్లు, బనియన్లు: 1000 నుంచి 1200. ఇవి నీటిని ఎక్కువ పట్టి ఉంచుతాయి, బలమైనవి, ముడత పడినా పెద్ద నష్టం లేదు. టవల్స్‌ను ఆరేసే ముందు బాగా దులపాలి. లేదంటే నలిగిన పోగులు అలాగే ఆరి గరుగ్గా తగులుతాయి.

జీన్స్: 800 నుంచి 900. బట్ట బలమైనదే కానీ హై స్పీడ్‌లో గట్టి మడతలు పడతాయి. ఆ మడతల వెంబడి రంగు వెలిసి తెల్లటి గీతలు వస్తాయి. తిరగేసి వేస్తే ఈ సమస్య తగ్గుతుంది. జేబులు, నడుము పట్టీ దగ్గర తడి నిలుస్తుంది కాబట్టి మరీ తక్కువ పెట్టినా లాభం లేదు.

ఆఫీస్ చొక్కాలు, టెర్రీ కాటన్ యూనిఫామ్‌లు: 600 నుంచి 800. నీరు కారకుండా ఉంటే చాలు. హ్యాంగర్‌కు వేసి, కాలర్, పట్టీ చేత్తో సాఫు చేస్తే ఇస్త్రీ పని తగ్గుతుంది. లినెన్ చొక్కాలకు 600 దాటొద్దు. వాటిని కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేయాలి.

రేయాన్, సింథటిక్ చీరలు, లోదుస్తులు: 400 నుంచి 600. ఎలాస్టిక్, హుక్స్ ఉన్నవి నెట్ బ్యాగ్‌లో వేయాలి.

ఉన్ని స్వెటర్లు: మెషీన్‌లో వేయొచ్చని లేబుల్ మీద ఉంటేనే వేయాలి. అసలు స్పిన్ చేయకుండా ఆరేయడమే మంచిదనుకుంటారు కానీ, నీళ్లు కారుతున్న స్వెటర్‌ను దండెం మీద వేస్తే ఆ బరువుకే కిందికి సాగిపోతుంది. 400లో కొద్దిసేపు తిప్పి, టవల్ మీద పరిచి ఆరబెట్టడమే దీనికి సరైన పద్ధతి.

పట్టు చీరలు, జరీ అంచు ఉన్న గద్వాల్ లాంటి చీరలకు స్పిన్ మాటే వద్దు. గద్వాల్ చీరలో ఒళ్లు కాటన్, అంచు పట్టు. తడిసినప్పుడు రెండూ ఒకేలా ప్రవర్తించవు. జరీ ఒకసారి మడత పడిందంటే ఆ గీత పోదు.

గంజి పెట్టే చీరలైతే?

నేత కాటన్ చీరలకు గంజి పెట్టే ఇళ్లలో స్పిన్ విషయంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. గంజిలో ముంచిన చీరను తీసుకెళ్లి మెషీన్‌లో ఫుల్ స్పిన్‌కు వేస్తారు. నీటితో పాటు గంజి కూడా బయటికి పోతుంది. మిగిలిన కాస్త గంజి ముడతల్లో గట్టిపడి, అట్ట కట్టినట్లు తయారవుతుంది. ఇస్త్రీ పెట్టెకు కూడా లొంగదు.

దీనికి బదులు చీరను మెషీన్‌లో 600, 800 మధ్య తిప్పి తీసి, ఆ చెమ్మ మీదే బకెట్‌లో పల్చటి గంజిలో ముంచి, చేత్తో నొక్కి పిండి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని లాగి ఆరేస్తే సరిపోతుంది. చీరలో ముందే నీరు నిండి ఉంటే గంజి పల్చబడిపోతుంది. కాబట్టి ముంచే ముందు ఒకసారి స్పిన్ చేయడం మంచిదే. ముంచాక మాత్రం వద్దు.

టాప్ లోడ్, సెమీ ఆటోమేటిక్ వాళ్లకు ఏది వర్తిస్తుంది?

పైన చెప్పిన అంకెలు ఫ్రంట్ లోడ్ మెషీన్లవి. మిగతా మెషీన్లలో ఇవే అంకెలకు అర్థం మారిపోతుంది. ఎందుకంటే బట్ట మీద పడే బలం స్పీడ్‌తో పాటు డ్రమ్ వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది.

సెమీ ఆటోమేటిక్‌లో స్పిన్ టబ్ నిమిషానికి 1300కు పైగా తిరుగుతుందని రాసి ఉంటుంది. చూడటానికి పెద్ద అంకె. కానీ ఆ టబ్ ఇరుకు. వెడల్పు ఫ్రంట్ లోడ్ డ్రమ్‌లో సగం దాకానే ఉంటుంది. లెక్క వేస్తే అక్కడి 1350 ఇక్కడి 950తో సమానం. అందులో స్పీడ్ మార్చే వీలుండదు, టైమర్ ఒక్కటే మన చేతిలో ఉంటుంది. కాబట్టి సమయంతోనే అదుపు చేయాలి. టవల్స్‌కు నాలుగైదు నిమిషాలు, చొక్కాలకు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, రేయాన్‌కు ముప్పై, నలభై సెకన్లు. ఎక్కువ నీరు మొదటి నిమిషంలోనే పోతుంది. పైపులోంచి ధార ఆగి చుక్కలు పడుతున్నాయంటే నాజూకు బట్టలకు అక్కడితో ఆపేయొచ్చు.

ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్‌లు సాధారణంగా 700 చుట్టుపక్కల తిరుగుతాయి. టవల్స్ ఫ్రంట్ లోడ్‌లో వచ్చినంత పొడిగా రావు. అది మెషీన్ లోపం కాదు. వాటిలో కూడా ప్రోగ్రామ్ పూర్తయ్యాక 'స్పిన్ ఓన్లీ' పెట్టుకుని టవల్స్‌ను ఇంకో నాలుగైదు నిమిషాలు తిప్పుకోవచ్చు.

నలుగురున్న ఇంట్లో ఆదివారం ఉతుకు.. ఒక లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. జులై నెల, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, ఆరేయడానికి బాల్కనీ తప్ప వేరే చోటు లేదు. ఇంట్లో 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్. నాలుగు టవల్స్, రెండు డబుల్ కాట్ దుప్పట్లు, నాలుగు జతల స్కూల్ యూనిఫామ్, మూడు ఆఫీస్ చొక్కాలు, మూడు రేయాన్ కుర్తీలు ఉతకాలి.

అన్నీ కలిపితే 6 కిలోల దాకా వస్తాయి. ఒకే లోడ్‌లో పట్టేస్తాయి కదా అనిపిస్తుంది. కానీ అలా వేస్తే ఏ స్పీడ్ పెట్టినా ఎవరికో ఒకరికి నష్టం. 1200 పెడితే కుర్తీలు, చొక్కాలు పాడవుతాయి. 600 పెడితే టవల్స్, దుప్పట్లు మబ్బు పట్టిన వాతావరణంలో మర్నాటికి కూడా ఆరవు.

అందుకే రెండు లోడ్‌లు. మొదటిది టవల్స్, దుప్పట్లు. టవల్ ఒకటి 400 గ్రాములు, దుప్పటి 700 గ్రాములు అనుకుంటే మొత్తం 3 కిలోలు. స్పీడ్ 1200. 800లో తిప్పితే మిగిలే 2.1 లీటర్లకు బదులు 1.6 లీటర్లే మిగులుతుంది. తేమ ఎక్కువగా ఉండే రోజుల్లో ఆ అర లీటరే సాయంత్రానికి ఆరడానికి, మర్నాడు వాసన రావడానికి మధ్య తేడా.

రెండో లోడ్‌లో యూనిఫామ్‌లు, చొక్కాలు, నెట్ బ్యాగ్‌లో కుర్తీలు. కలిపి వేసినప్పుడు స్పీడ్‌ను నిర్ణయించేది అన్నిటిలోకీ బలహీనమైన బట్ట. ఇక్కడ అది రేయాన్, కాబట్టి 600. ప్రోగ్రామ్ పూర్తయ్యాక కుర్తీలు తీసేసి ఆరేయాలి. యూనిఫామ్‌లు, చొక్కాలు ఇంకా తడిగా అనిపిస్తే వాటిని మాత్రం 'స్పిన్ ఓన్లీ'లో 800 పెట్టి కొద్ది నిమిషాలు తిప్పాలి. మూడో లోడ్ అవసరం లేదు. కరెంట్, నీళ్లు, డిటర్జెంట్ మళ్లీ ఖర్చు కావు.

ఇదే ఇంట్లో మే నెలలో అయితే లెక్క మారుతుంది. మధ్యాహ్నం ఎండకు పల్చటి చొక్కా గంట, రెండు గంటల్లో ఆరిపోతుంది. అప్పుడు దుప్పట్లకు కూడా 800 సరిపోతుంది. వానాకాలంలో పెంచడం, ఎండాకాలంలో తగ్గించడం అలవాటు చేసుకుంటే బట్టలకూ మంచిది, మెషీన్ బేరింగ్‌లకూ మంచిది.

డ్రయ్యర్ వాడేవాళ్ల సంగతి ఇందుకు భిన్నం. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది బట్టలను డ్రయ్యర్‌లోనే ఆరబెడతారు. ఇక్కడ కూడా వాషర్ డ్రయ్యర్లు వస్తున్నాయి. ఒక లీటర్ నీటిని హీటర్ వేడితో ఆవిరి చేయడానికి కనీసం 0.6 యూనిట్ కరెంట్ కావాలి. అదే నీటిని స్పిన్‌తో లాగడానికి అయ్యేది అందులో చాలా కొద్ది భాగం. కాబట్టి డ్రయ్యర్‌లోకి వెళ్లే కాటన్‌కు 1200, 1400 పెట్టడం లాభమే. దండెం మీద ఆరేసేవాళ్లకు ఆ లాభం లేదు.

మీ మెషీన్ సరిగా పిండుతోందా? ఇంట్లోనే టెస్ట్

సూట్‌కేసులు తూచే చిన్న వేలాడే కాటా గానీ, వంటింటి కాటా గానీ ఉంటే చాలు. బాగా ఆరిన టవల్స్‌ను తూచి రాసుకోవాలి. ఉదాహరణకు నాలుగు టవల్స్ కలిపి 1,600 గ్రాములు వచ్చాయనుకుందాం. వాటిని 1000 స్పీడ్‌లో ఉతికి తీసి వెంటనే మళ్లీ తూచాలి. 2,560 గ్రాములు వస్తే అందులో 960 గ్రాముల నీరు మిగిలినట్లు. అంటే బట్ట బరువులో 60 శాతం. 1000 స్పీడ్‌కు అది సరైన లెక్కే. అవే టవల్స్‌ను 1200లో ఇంకోసారి స్పిన్ చేసి తూస్తే బరువు ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఆ తగ్గుదల కోసం అంత స్పీడ్ అవసరమా లేదా అన్నది అప్పుడు మీరే తేల్చుకోవచ్చు.

1000లో తిప్పినా నీరు 90 శాతమో, 100 శాతమో మిగులుతుంటే మెషీన్ ఆ స్పీడ్‌ను అసలు అందుకోలేదని అర్థం. దీనికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది బ్యాలెన్స్. ఒక్క దుప్పటో, ఒక్క జీన్సో వేస్తే అది ముద్దలా ఒకవైపు చేరుతుంది. మెషీన్ ఊగకుండా తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఇంకో రెండు టవల్స్ కలిపి వేస్తే సర్దుకుంటుంది. రెండోది నురగ. డిటర్జెంట్ ఎక్కువైతే నురగ డ్రమ్‌కు అడ్డుపడి స్పీడ్ అందుకోనివ్వదు. స్పిన్ అయ్యాక డోర్ గ్లాస్ మీద నురగ కనిపిస్తే ఇదే కారణం. మూడోది కింద ఉండే డ్రెయిన్ ఫిల్టర్ పూడుకుపోవడం. నాణేలు, హెయిర్ పిన్నులు, దారాల పీచు చేరితే నీరు మెల్లగా పోతుంది. ఈ మూడూ చూసుకున్నాకే మెకానిక్‌ను పిలవడం మేలు.

రెయిన్ కోట్, వాటర్‌ప్రూఫ్ కవర్‌లతో జాగ్రత్త

స్పిన్ విషయంలో నిజంగా ప్రమాదం ఉన్నది ఇక్కడే. రెయిన్ కోట్, వాటర్‌ప్రూఫ్ మ్యాట్రెస్ ప్రొటెక్టర్, కారు కవర్ లాంటివాటిలోంచి నీరు బయటికి పోదు. మడతల్లో సంచిలా నిలిచిపోతుంది. డ్రమ్ వేగం అందుకున్నాక ఆ నీరు ఒక్కసారిగా పక్కకు జరిగితే బ్యాలెన్స్ తప్పి మెషీన్ ఎగిరెగిరి పడుతుంది, డ్రమ్ పక్క గోడలకు కొట్టుకోవచ్చు. 2016లో అమెరికాలో శాంసంగ్ సుమారు 28 లక్షల టాప్ లోడ్ మెషీన్లను రీకాల్ చేసింది. హై స్పీడ్ స్పిన్‌లో పైభాగం ఊడిపోయే ప్రమాదం ఉందన్నది కారణం. పరుపు మీద వేసే బట్టలు, బరువైనవి, వాటర్‌ప్రూఫ్‌వి అయితే తక్కువ స్పీడ్ ఉండే డెలికేట్ ప్రోగ్రామ్‌లోనే ఉతకాలని అప్పట్లో వినియోగదారులకు సూచించారు. ఆ మోడల్ అయినా, కాకపోయినా వాటర్‌ప్రూఫ్‌వి చేత్తో ఉతికి, నీరు కారేలా వేలాడదీయడమే సురక్షితం.

లేబుల్ మీద గీతలు చెప్పేది ఇదే

స్పీడ్ ఎంత పెట్టాలో తేల్చుకోలేకపోతే బట్ట లోపలి లేబుల్ చూడాలి. నీళ్ల తొట్టి బొమ్మ కింద ఒక అడ్డగీత ఉంటే స్పీడ్ తగ్గించమని, రెండు గీతలు ఉంటే ఇంకా బాగా తగ్గించమని అర్థం. గీత లేకపోతే మామూలు స్పిన్ తట్టుకుంటుంది. మెలితిప్పిన బట్ట బొమ్మ మీద ఇంటూ గుర్తు ఉంటే పిండకూడదు. చతురస్రంలో రెండు, మూడు నిలువు గీతలు ఉంటే నీళ్లు కారుతుండగానే ఆరేయమని చెప్పినట్లు. అలాంటివాటికి 'నో స్పిన్' పెట్టాలి.

లేబుల్ చిరిగిపోయిన పాత బట్టలైతే 600తో మొదలుపెట్టాలి. తీసి చూశాక నీళ్లు కారుతుంటే ఇంకోసారి స్పిన్ చేసుకోవచ్చు. సాగిన మెడను మాత్రం వెనక్కి తీసుకురాలేం.